కబడ్డీలో జరగని ఆరో పాఠం

వేరుశనగ పొట్టు నింపిన గోతాలు మా బడిలో ఎప్పుడూ లేవు. ఒక్కటి కూడా లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఆ గోతాల గురించి నేను రాసిన కాగితం, జెరాక్సు మీద జెరాక్సు అయి, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి బడుల్లో ఇంకా తిరుగుతోంది. దాంతో పాటు ఒక కథ కూడా తిరుగుతోంది. ఎంత శ్రద్ధగా నేర్పినా చెవిన పెట్టకుండా, పొగరుతో ఎదుటి పిల్ల మోకాలు విరిచిన ఒక మొండి పిల్ల కథ. పోయిన నెల కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక పీటీ మేష్టరు ఆ కథ నాకే చెప్పాడు. ఆ కాగితం రాసింది నేనని తెలియక, ‘మీలాంటి పెద్దలు ఎంత చెప్పినా పిల్లలు వినరు సార్’ అని సానుభూతి కూడా చూపించాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కుర్రవాడి మీద కాదు. వాడికేం తెలుసు? అబద్ధం ఇంత ఆరోగ్యంగా ఇన్నేళ్ళు బతికిందే అని మండిపోయింది. దానికి నేనే కదా పాలుపోసి పెంచింది అని ఇంకా మండిపోయింది.

అసలు జరిగింది ఇది.

కోలారు నుంచి చిక్కబళ్ళాపురం విడిపోయి కొత్త జిల్లా అయిన రోజులు. నేను బాగేపల్లి తాలూకాలో ఒక ప్రభుత్వ ప్రౌఢశాలలో, అంటే హైస్కూల్లో, వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. పాఠాలు కన్నడంలో, ఇంటి మాట తెలుగులో నడిచే ఊరు. కొత్త జిల్లా కాబట్టి జిల్లా స్థాయి ఆటల పోటీలంటే అందరికీ కొత్త ఉత్సాహం. అంతకు ముందు జిల్లా పోటీలంటే కోలారు దాకా పోవాలి. ఇప్పుడు బస్సెక్కితే చిక్కబళ్ళాపురం. మా బడి ఆడపిల్లల కబడ్డీ జట్టు తాలూకా గెలిచి జిల్లాకు పోవాలని నాకు పట్టుదల పట్టింది.

ప్రతి ఉపాధ్యాయుడూ పాఠ టిప్పణి రాయాలి. అంటే ఏ పీరియడులో ఏం నేర్పుతామో ముందే రాసుకునే పుస్తకం. శనివారం హెడ్మాస్టరు దాన్ని చూసి సంతకం పెట్టాలి. పీటీ మేష్టర్లలో చాలామంది పాత పుస్తకం చూసి కొత్త పుస్తకంలోకి ఎక్కించేవారు. నేను అలా చేయలేదు. కూర్చుని, ఆలోచించి, బొమ్మలు గీసి, ఎనిమిది పీరియడ్లకు కబడ్డీ పాఠం రాశాను. ఆ పాఠం మంచిదే. అందులోని తప్పు దానిలో రాసిన మాటల్లో లేదు.

మొదటి పీరియడు కూత. ఎదుటి కోర్టులో కాలు పెట్టకముందే కూత మొదలవ్వాలి, ఒకే ఊపిరిలో, రిఫరీకి స్పష్టంగా వినపడేలా సాగాలి. ఊపిరి తెగితే ఔట్. రెండోది అడుగులు, మధ్య గీత నుంచి బాక్ గీత దాకా. కూతకు వెళ్ళిన పిల్ల ఎవరినీ తాకకపోతే ఆ బాక్ గీతనైనా ఒకసారి దాటి రావాలి, లేకపోతే ఔట్. మూడోది చేతితో తాకడం, కాలి వేళ్ళతో తాకడం, బోనస్ గీత మీద కాలు పెట్టడం. ఎదుట ఆరుగురో ఏడుగురో ఉంటేనే బోనస్ లెక్కకొస్తుంది. నాలుగోది కాపు కాసేవాళ్ళు నిలబడే తీరు. రెండు మూలల్లో ఇద్దరు, వాళ్ళ పక్కన చేతులు పట్టుకుని గొలుసుగా నిలబడే మిగతావాళ్ళు. 

ఐదోది కింద పడటం. నేల తవ్వి, రాళ్ళు ఏరి, తడిపి, మెత్త చేసిన చోట. గడ్డం గుండెకు ఆనించుకుని, చెయ్యి నిటారుగా నేలకు ఆనించకుండా, భుజం మీదుగా దొర్లి పడటం. ఆరోది మూలనున్న పిల్ల, కూతకొచ్చిన పిల్ల చీలమండ పట్టడం. ముందు గోతాం మీద, తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, తర్వాత నడిచి వచ్చే పిల్ల మీద, చివరికి మాత్రమే పరుగున వచ్చే పిల్ల మీద. రెండు చేతులతోనూ చీలమండ పట్టాలి, తల మాత్రం కాలికి బయటి పక్కన ఉండాలి, లేకపోతే మోకాలు మొహానికి తగులుతుంది. ఏడోది తొడ పట్టు, నడుము పట్టు, పక్కవాళ్ళు వచ్చి బరువు పంచుకోవడం. చేయకూడనివి కూడా అక్కడే రాశాను. మెడ పట్టకూడదు, నోరు మూయకూడదు, జుట్టు గానీ బట్టలు గానీ పట్టుకుని లాగకూడదు, కావాలని గీత బయటికి నెట్టకూడదు. కాళ్ళు రెండూ కత్తెరలా మెలేసి ఎదుటివాళ్ళ కాలిని బంధించకూడదు. ఈ చివరి వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీశాను. పిల్లలు ‘సాకు’ అంటే, అంటే కన్నడంలో చాలు అంటే, పట్టు ఆ క్షణమే వదిలేయాలని కూడా రాశాను. ఎనిమిదోది సగం వేగంతో ఆట.

మొదటి నాలుగు పాఠాలు జరిగాయి. ఎంతో హుషారుగా జరిగాయి. పిల్లలు గాజులు తీసి చున్నీలో మూటగట్టి, జడలు పైకి కట్టుకుని, గోళ్ళు చూపించి మరీ కోర్టులోకి దిగేవారు. కూతకు పోవడమంటే ఎవరికి ఇష్టముండదు?

మిగతా నాలుగూ జరగలేదు.

ఒక కారణం పదో తరగతి. జట్టులో సగం మంది ఆ తరగతి వాళ్ళే, వాళ్ళ పీటీ పీరియడ్లు లెక్కల మేష్టరు తీసుకున్నాడు. ‘పబ్లిక్ పరీక్ష ఉండాదప్పా, నీ ఆటలు యాడికీ పోవు’ అన్నాడు హెడ్మాస్టరు. నేను గొణిగాను, ఒప్పుకున్నాను. రెండో కారణం నాది. మా బడి మైదానం గరుసు నేల. దాన్ని తవ్వించి మెత్త చేయించాలంటే ఊళ్ళో నలుగుర్ని అడగాలి, నీళ్ళు పెట్టించాలి. గోతాలు కావాలంటే, వేరుశనగ పండే ఊరు కాబట్టి, ఎవరింటి ముందైనా నిలబడి అడిగితే పొట్టు ఎత్తుకుపొమ్మనేవారు. అడగలేదు. నేల గట్టిగా ఉంది, ఇక్కడ పడటం నేర్పితే దెబ్బలు తగులుతాయి అని ఆ పాఠం మానేశాను. మానేసి, సాయంత్రం నాలుగున్నరకు అదే నేల మీద జట్టును రెండుగా చేసి పూర్తి వేగంతో ఆడించాను. పడటం నేర్పడానికి పనికిరాని నేల పడటానికి పనికొచ్చింది! ఇది ఒక బుద్ధున్న మనిషి చేసే పనేనా? ఇన్నేళ్ళలో ఎవరూ ఈ ప్రశ్న నన్ను అడగలేదు.

శనివారం పుస్తకం మాత్రం వెళ్ళింది. ఎనిమిది గళ్ళలోనూ ‘ముగిసింది’ అని రాశాను. హెడ్మాస్టరు సంతకం పెట్టాడు.

ఆ జట్టులో ఎడమ మూల పిల్ల తొమ్మిదో తరగతి. తండ్రి సేద్యగాడు, నాలుగు ఆవులు, కొంచెం వేరుశనగ, బోరు పారినంత కాడికి టమాటా. పిల్ల పొట్టిగా, గట్టిగా ఉండేది. నోరు తక్కువ. బడి మానడమంటే తెలియదు, జ్వరమొచ్చినా వచ్చేది. చీలమండ పట్టడం నేర్పలేదు కదా, ఆ పిల్ల తనకు తెలిసిన పట్టే పట్టేది. ఇంట్లో దూడకు మందు తాగించేటప్పుడు అది తన్నకుండా రెండు కాళ్ళ మధ్య దాని కాలు ఇరికించి, మెలేసి, పక్కకు ఒరిగేది. అదే పట్టు కోర్టులోకి తెచ్చింది. చేతులు జారితే కాళ్ళతో ఇరికించి దొర్లేది. ఎవరూ విడిపించుకోలేకపోయేవారు.

మొదటిసారి చూసిన రోజు నాకు బాగా గుర్తు. మా జట్టులో అందరికంటే పొడుగు పిల్లను అలా పడేసింది. పడిన పిల్ల లేచి మట్టి దులుపుకుంటూ అరిచింది.

‘సార్, చూడండి సార్, నన్ను ఎనుముని పట్టినట్ల పట్టినాది!’

‘నువ్వు ఎనుమే కదే మరి’ అంది ఇంకో పిల్ల.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎర్ర సిరాతో గీత గీసిన వాక్యం నా పుస్తకంలోనే ఉంది, పుస్తకం నా సంచిలోనే ఉంది, సంచి నా సైకిల్‌కే వేలాడుతోంది. నేను చప్పట్లు కొట్టాను.

‘బలే పట్టినావమ్మే! ఏం పట్టు ఇది?’

‘దూడని పట్టేది సార్’ అంది ఆ పిల్ల సిగ్గుపడుతూ.

‘దూడపట్టు! ఇంక ఇదే మన పట్టు. ఇడవద్దు, ఏమైనా గానీ ఇడవద్దు.’

ఆ పేరు నేను పెట్టిందే. తాలూకా పోటీలో నాలుగుసార్లు ఆ పట్టు పడింది. అంపైరు ఒకసారి హెచ్చరించాడు. అది కూడా నేను నవ్వుతూ తోసిపుచ్చాను. తాలూకా గెలిచాం.

చిక్కబళ్ళాపురంలో జిల్లా పోటీ. మా మీద చింతామణి తాలూకా జట్టు. వాళ్ళకు ఒక కూత పిల్ల ఉంది, సన్నగా, గాలిలా. రెండో సగంలో, మేం రెండు పాయింట్లు వెనకున్నాం. ఆ పిల్ల కూతకొచ్చి మా కుడి మూలను తాకబోయినట్టు నటించి, తిరిగి ఎడమ వైపుకు కాలు చాచింది. మా పిల్ల చీలమండ దొరకబుచ్చుకుంది. చేతులు చెమటకు జారాయి. జారగానే కాళ్ళు మెలేసింది. కూత పిల్ల మధ్య గీత కోసం ముందుకు వంగి లాగుతోంది, కాలు వెనక ఇరుక్కుని ఉంది, మా గొలుసు పిల్లలిద్దరూ పైన పడ్డారు. నేను గీత బయట నిలబడి గొంతు చించుకుంటున్నాను, ‘ఇడవద్దు! ఇడవద్దు!’ అని.

కూత ఆగిపోయింది. దాని బదులు ‘అమ్మా’ అని ఒక కేక.

రిఫరీ విజిల్ వేశాడు. మా పిల్ల వెంటనే వదిలి లేచింది. లేచి నా వైపు చూసింది. మెచ్చుకుంటానని చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. ఎర్ర కార్డు చూపించి బయటికి పంపుతుంటే దానికి అర్థం కాలేదు. ‘సార్, పట్టు సరిగ్గా పళ్ళేదా సార్?’ అని నన్నే అడిగింది.

చింతామణి పిల్లకు మోకాలి లోపల నరం తెగిందన్నారు. మళ్ళీ ఆడలేదు.

వాళ్ళ బడి ఫిర్యాదు రాసింది. రాయాల్సిందే. వారం తర్వాత పోటీలు నడిపిన వాళ్ళ తరఫున ముగ్గురు మా బడికి విచారణకు వచ్చారు. హెడ్మాస్టరు గదిలో కూర్చున్నారు. పిల్లనూ దాని తండ్రినీ పిలిపించారు. తండ్రి లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడ్డాడు, తలగుడ్డ చేతిలో పట్టుకుని.

వాళ్ళలో పెద్దాయన నా పాఠ టిప్పణి తెరిచాడు. పేజీలు తిప్పుతుంటే ఆయన మొహం మెత్తబడింది. ఇంత వివరంగా రాసిన పీటీ మేష్టరును ఎప్పుడూ చూడలేదన్నాడు. ఆరో పాఠం పైకి చదివాడు, కన్నడంలో, నింపాదిగా. తర్వాత పిల్ల వైపు తిరిగి తెలుగులోకి వచ్చాడు.

‘ఏమ్మా, చెనక్కాయ పొట్టు గోతాల మీద పట్టు నేర్పించినారు కదా మీ సారు? అయినా యాలమ్మా ఇట్ల చేస్తివి?’

పిల్ల నన్ను చూసింది. ఆయన్ను చూసింది.

‘ఏ గోతాలు సార్?’

హెడ్మాస్టరు దగ్గి, ‘భయపడిండాది సార్, చిన్న పిల్ల’ అన్నాడు.

పెద్దాయన నన్ను అడిగాడు. ‘ఏమప్పా, ఈ పిల్ల గోతాలే చూళ్ళేదంటాండాదే?’

నిజం చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ‘నేర్పలేదు సార్.’ రెండు మాటలు. నాకు మెమో వచ్చేది, అంతే, ఉద్యోగం కూడా పోయేది కాదు. నేను అన్నది ఇది:

‘ఆ పొద్దు బడికి రాలేదేమో సార్.’

‘నేను ఒక దినం కూడా తప్పలేదు సార్’ అంది పిల్ల వెంటనే.

‘గమ్మునుండమ్మా, పెద్దోళ్ళు మాట్లాడ్తాంటే’ అన్నాడు హెడ్మాస్టరు.

హాజరు పుస్తకం అదే బల్ల మీద, పెద్దాయన మోచేతికి జానెడు దూరంలో ఉంది. తెరిస్తే సరిపోయేది. ముగ్గురు విచారణాధికారులు, ఒక హెడ్మాస్టరు, ఒక మేష్టరు. ఐదుగురం పెద్దవాళ్ళం. ఒక్కరూ తెరవలేదు. నాకు ఇప్పటికీ కోపం ఆగని చోటు ఇదే. నేను దొంగను, సరే. మిగతా నలుగురికి ఏమైంది? ఒక పిల్ల ‘నేను తప్పలేదు’ అని గట్టిగా చెబుతుంటే చెయ్యి చాచి ఒక పుస్తకం తిప్పడానికి బద్ధకమా? పిల్ల అబద్ధమాడుతుంది, పుస్తకం ఆడదు, అంతేనా? పుస్తకం రాసింది కూడా మనిషే కదా.

తీర్పు రాశారు. ఉపాధ్యాయుడి లోపం లేదు. విద్యార్థిని బడికి సక్రమంగా రాదు, సూచనలు పాటించదు, ఉద్దేశపూర్వకంగా ప్రమాదకరమైన పట్టు పట్టింది. వచ్చే ఏడాది పోటీల నుంచి నిషేధం.

అయితే ఆ పిల్లకు అసలు శిక్ష ఆ గదిలో పడలేదు. గది బయట పడింది. మెట్లు దిగుతూ తండ్రి దాన్ని అడగడం నేను విన్నాను.

‘బడికని చెప్పి ఆ పొద్దు యాడికి పోయింటివే?’

‘యాడికీ పోలేదు నాయనా. బళ్ళోనే ఉంటి.’

‘సారే చెప్తాండాడు కదే! సారు అబద్ధం చెప్తాడా?’

పద్నాలుగేళ్ళ ఆడపిల్ల. పల్లెటూరు. ‘బడికని చెప్పి యాడికి పోయింది’ అన్న మాట అలాంటి చోట ఎంత దూరం పోతుందో మా ప్రాంతం వాళ్ళకు నేను విడమర్చి చెప్పనక్కర్లేదు. మరుసటి రోజు నుంచి ఆ తండ్రి పిల్లను మోపెడ్ మీద బడికి తెచ్చి దింపేవాడు, బడి వదిలేసరికి గేటు దగ్గర కాచుకుని ఉండేవాడు. అది కబడ్డీ వైపు తిరిగి చూడలేదు. నా వైపు కూడా. ఆ జూన్‌లో నాకు చిక్కబళ్ళాపురం దగ్గరికి బదిలీ అయింది. హమ్మయ్య అనుకున్నాను. అవును, ఆ మాటే అనుకున్నాను.

ఆ తర్వాతి సంగతి ఇంకా సిగ్గుచేటు. విచారణలో మెచ్చుకున్న పెద్దాయన నా పాఠ టిప్పణిని మాదిరి పాఠంగా జెరాక్సు తీయించాడు. మరుసటి సంవత్సరం చింతామణిలో పీటీ మేష్టర్ల శిక్షణ పెట్టి నన్నే మాట్లాడమన్నారు. నేను వెళ్ళాను. శాలువా కప్పారు. కప్పించుకున్నాను. నలభై మంది చేతుల్లో నా ఆరో పాఠం. నేను నల్లబల్ల మీద చీలమండ బొమ్మ గీసి, తల బయటి పక్కన ఉండాలని బాణం గుర్తు వేసి, దర్జాగా చెబుతున్నాను.

వెనక వరసలో ఒక టీచరమ్మ చెయ్యెత్తింది. గుర్తుపట్టాను. మోకాలు పోయిన పిల్లకు ఆమే పీటీ టీచరు.

‘సార్, ఒక్కో గోతానికి పొట్టు ఎన్ని కేజీలు యేస్తిరి?’

నేను ఆలోచించలేదు. ‘ముప్పై కేజీలమ్మా’ అన్నాను.

హాలంతా నవ్వులు. అందరూ సేద్యం ఇళ్ళ వాళ్ళే. పొట్టు అంటే గాలి. ఒక గోతాంలో ఎంత కూరినా పది పన్నెండు కేజీలు దాటదు.

‘ముప్పై కేజీలా! దాన్లో గుండ్లు కూడా యేస్తివా సామీ?’ అన్నాడు ముందు వరసలో ఒకాయన. మళ్ళీ నవ్వులు. నేనూ నవ్వేసి తప్పించుకున్నాను. ఆమె మాత్రం నవ్వలేదు.

టీ దగ్గర నా పక్కకు వచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు.

‘సార్, మీరు ఆ గోతాలు ఎత్తి చూళ్ళేదు. కదా?’

నేను గ్లాసులోకి చూశాను.

‘మా పిల్ల ఇప్పుడు మెట్లెక్కాలంటే గోడ పట్టుకుంటాది. ఇన్ని దినాలు మీ పిల్ల మీద కోపం పెట్టుకోనుంటి. రోజూ తిట్టుకుంటాంటి. ఇప్పుడు ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవల్ల, మీరే చెప్పండి సార్.’

‘నా మీద పెట్టుకోండమ్మా’ అన్నాను.

‘నాకు చెప్పి ఏం లాభం? ఆ పిల్లకి చెప్పినారా?’

శాలువా సంచిలో కుక్కుకుని బస్సెక్కాను. మరుసటి ఆదివారం ఒక తెల్ల కాగితం మీద కన్నడంలో రాశాను. నాలుగు పాఠాలు నేర్పలేదని, గోతాలు లేవని, పుస్తకంలో ‘ముగిసింది’ అని అబద్ధం రాశానని, నిషేధించిన పట్టును చూసి నేనే మెచ్చుకుని పేరు పెట్టానని, ఆ విద్యార్థిని తప్పు ఏమీ లేదని. రెండు ప్రతులు. ఒకటి విచారణ జరిపిన ఆఫీసుకు, ఒకటి ఆ పిల్లకు. సంతకం పెట్టి, బాగేపల్లి బస్సు దిగి, వాళ్ళ ఊరికి నడిచాను.

వేరుశనగ కాయలు వొలిచే రోజులు. వాకిట్లో తండ్రి, ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. పిల్ల అప్పటికి బాగేపల్లిలో పీయూసీ, అంటే ఇంటర్, మొదటి సంవత్సరం. పొడుగు పెరిగింది. నన్ను చూసి లేచి లోపలికి పోబోయి ఆగింది. తండ్రి మర్యాదగా లేచాడు.

‘రాండి సారూ, రాండి. యామే, సారుకి ఏమన్నా యెయ్యి కూర్చోనుకి.’

కుర్చీ లోపల ఉంది. పిల్ల కుర్చీ తేలేదు. గోడకు ఆనించి ఉన్న ఒక గోతాన్ని ఒంటి చేత్తో ఈడ్చుకొచ్చి నా ముందు పడేసింది.

‘కూర్చోండి సార్. చెనక్కాయ పొట్టే. మెత్తగుంటాది.’

కూర్చున్నాను. అది నా కింద చప్పుడు చేస్తూ అణిగింది. కాగితం తీసి ఇచ్చాను. నిలబడే చదివింది. చివరిదాకా చదివి, వెనక్కి తిప్పి చూసి, మళ్ళీ ముందు వైపు చూసింది.

‘అంతేనా సార్?’

‘ఇంకేం రాయాలమ్మా?’

‘ఆ పొద్దు నేను బడికి రాలేదని చెప్తిరి కదా. అది యాడుండాది ఇందులో?’

లేదు. రాయలేదు. నా పుస్తకంలోని అబద్ధాలన్నీ రాశాను. నా నోటితో, ఆ పిల్ల మొహం చూస్తూ, దాని తండ్రి వింటుండగా చెప్పిన ఆ ఒక్క అబద్ధం రాయలేదు. మర్చిపోయానని చెప్పుకోవచ్చు. మర్చిపోలేదు. దాని చుట్టూ తిరిగి వచ్చాను.

‘ఆటలు పోతే పోయినాయి సార్. నాకు ఆ మాట కావల్ల.’

లోపలికి పోయి పెన్ను తెచ్చింది. రెండు ప్రతుల మీదా, సంతకం కింద మిగిలిన చోటులో, మోకాలి మీద పెట్టుకుని రాశాను. ‘ఆరో పాఠం జరగవలసిన రోజు ఈ విద్యార్థిని బడికి వచ్చింది. ఆ సంవత్సరం అన్ని రోజులూ వచ్చింది. రాలేదని విచారణలో నేను చెప్పిన మాట అబద్ధం.’ మళ్ళీ సంతకం పెట్టాను.

ఆఫీసు ప్రతిని మరునాడే చిక్కబళ్ళాపురంలో ఇచ్చాను. గుమాస్తా ముద్ర వేసి తీసుకున్నాడు. ‘నిషేధం ముగిసిపోయిండాది కదా సార్, ఇంక దీంతో ఏం పని?’ అన్నాడు. జవాబు ఈ రోజుకూ రాలేదు. ఎన్నిసార్లు పోయి అడిగినా కడత, అంటే ఫైలు, మూసేశారన్నదే మాట. నా ఒప్పుకోలు ఒక అరలో మూతపడింది, నా అబద్ధం మాత్రం జెరాక్సు షాపుల్లో తిరుగుతోంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ మాదిరి పాఠం మీ బడిలో ఉంటే దాచుకోండి, అది మంచి పాఠమే, పొట్టు పది కేజీలు మాత్రం వేయండి. కథను పారేయండి.

ఆ వాకిట్లో ఆ రోజు, నేను రాసింది తీసుకుని పిల్ల తండ్రి పక్కన కూర్చుంది. ఆయనకు కన్నడం చదవడం రాదు. కింద రాసిన మూడు వాక్యాలే తెలుగులో చెప్పింది, ఒక్కొక్కటీ ఆగి ఆగి. ఆయన చేతిలో వొలిచే కాయ అలాగే ఉండిపోయింది. నా వైపు చూశాడు.

‘రెండేండ్లు సారూ’ అన్నాడు. ‘రెండేండ్లు పొద్దూ మాపూ మోపెడ్ మీద తిప్పితి దీన్ని. ఒక్క మాట ఎదురు చెప్పలేదు.’

నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. చేతిలోని కాయ పక్కన పెట్టి కూతురి వైపు తిరిగాడు.

‘రేపట్నుంచి నువ్వే పోయి రామ్మా బస్సులో’ అన్నాడు.

పిల్ల కాగితం నాలుగు మడతలు పెట్టి పుస్తకంలో పెట్టుకుంది. నన్ను పొమ్మని ఎవరూ అనలేదు. నేనే లేచాను.